తొమ్మిది గెలిచింది, నాలుగు ఓడింది

మొదటి వారం ముగిసేసరికి మా చేతిలో రెండు అంకెలున్నాయి. ఒక సబ్జెక్ట్ లైన్‌కి 9 రిప్లైలు, ఇంకోదానికి 4. రెండూ చెరో 100 మందికి పంపినవే. రెట్టింపు కంటే ఎక్కువ తేడా కదా అని ఆ సాయంత్రమే తీర్పు చెప్పేశాను: మొదటిది గెలిచింది, వచ్చే వారం నుంచి అందరికీ అదే. రెండో వారం 200 మందికి ఆ గెలిచిన లైన్‌తోనే పంపాం. లెక్క ప్రకారం 18 రావాలి. 8 వచ్చాయి.

ఆ 10 రిప్లైలు ఎక్కడికి పోయాయో వెతకడానికి నాకు ఆరు వారాలు పట్టింది. సబ్జెక్ట్ లైన్ల గురించి నేను అప్పటిదాకా నమ్మినవాటిలో సగం ఆ వెతుకులాటలోనే పోయాయి. "ఈ లైన్ వాడితే రిప్లైలు రెట్టింపు" అని ఎవరైనా చెబితే ఇప్పుడు నేను అడిగేది ఒకటే: రెట్టింపు అంటే ఎన్నింటి నుంచి ఎన్నింటికి?

ముందు సంగతి చెప్పాలి. క్లినిక్‌లలో మందుల స్టాక్ లెక్కలు చూసుకోవడానికి మేం ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. ఇంకా ముందుకెళ్లే ముందు, ఆ పని నిజంగా చేసేవాళ్లతో ఫోన్‌లో ఒక 15 నిమిషాలు మాట్లాడాలనుకున్నాం. క్లినిక్‌లు తమ వెబ్‌సైట్లలో పెట్టిన చిరునామాల నుంచి 1,200 పోగుచేశాం. వారానికి 200 చొప్పున పంపాలి, పంపుతూ నేర్చుకోవాలి, నేర్చుకుంటూ మార్చాలి. అదీ ప్లాన్. కాగితం మీద ముచ్చటగానే ఉంది.

మొదటి వారం పోటీపడ్డ లైన్లు ఇవి. "మీ క్లినిక్ గురించి ఒక చిన్న ప్రశ్న" అన్నది ఒకటి, "మందుల స్టాక్ గురించి 15 నిమిషాలు మాట్లాడగలరా?" అన్నది రెండోది. ఆ చిన్న ప్రశ్నే గెలిచింది. ఆసక్తి రేకెత్తించాలి, అసలు విషయం దాచాలి అని ఎక్కడో చదివి ఉన్నాను కాబట్టి, గెలవడం సహజమే అనిపించింది కూడా.

రెండో వారం దెబ్బ తిన్నాక మా జట్టులో లెక్కలు చూసే ఆవిడ ఇన్‌బాక్స్ తెరిచి కూర్చున్నారు. "ఏమండీ, ఈ తొమ్మిదిలో మనుషులు ఎంతమంది?" అన్నారు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఆవిడ ఒక్కొక్కటీ చదివి వినిపించారు. తొమ్మిదిలో నాలుగు "మీ మెయిల్ అందింది, త్వరలో స్పందిస్తాం" అని మిషన్ పంపిన జవాబులు. రెండు "నన్ను లిస్టులోంచి తీసేయండి" అన్నవి. మిగిలింది మూడు. ఓడిన లైన్‌కి వచ్చిన నాలుగులో ఒకటి ఆటోమేటిక్ జవాబు, మూడు మనుషులు రాసినవి. అంటే 9కి 4 కాదు, 3కి 3.

మేం వాడిన టూల్ వచ్చిన ప్రతి మెయిల్‌నీ రిప్లై కిందే రాసుకుంది. దాని తప్పేం లేదు, రిప్లై అంటే ఏమిటో మేం దానికి చెప్పలేదు. ఆటోమేటిక్ జవాబుల్లో చాలావాటికి హెడర్లలో ఒక గుర్తు ఉంటుంది. మెయిల్ అసలు రూపాన్ని తెరిచి చూస్తే ఇలా కనిపిస్తుంది:

```
Auto-Submitted: auto-replied
```

అన్ని సిస్టమ్‌లూ ఈ గుర్తు పెట్టవు. అందుకే వారానికి పది పన్నెండు రిప్లైలు వచ్చే చోట ఫిల్టర్ల మీద ఆధారపడటం కంటే కూర్చుని చదవడమే నయం. పావుగంట పని.

సరే, మరి ఐదు ఆటోమేటిక్ జవాబుల్లో నాలుగు ఒక వైపే ఎందుకు పడ్డాయి? ఇది ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి. లిస్టును రెండుగా విడగొట్టమంటే నేను షీట్‌లో మొదటి 100 వరుసలు ఒక లైన్‌కి, తర్వాతి 100 రెండో లైన్‌కి ఇచ్చాను. ఆ షీట్ సిబ్బంది సంఖ్యను బట్టి పెద్ద క్లినిక్‌ల నుంచి చిన్నవాటికి వరుసలో ఉంది. పెద్ద క్లినిక్‌లకు ఉమ్మడి మెయిల్‌బాక్స్ ఉంటుంది, దానికి "అందింది" అనే జవాబు కట్టి ఉంటుంది. నేను సబ్జెక్ట్ లైన్లను పరీక్షించాననుకున్నాను. నిజానికి పెద్ద క్లినిక్‌లకూ చిన్న క్లినిక్‌లకూ మధ్య తేడా కొలిచాను, అదీ వంకరగా.

ఈ రెండు తప్పులూ లేకుండా 9, 4 వచ్చాయనే అనుకుందాం. తొమ్మిదిమందీ మనుషులే, లిస్టూ బాగా కలిపిందే. అప్పుడైనా నా తీర్పు నిలిచేదా? నిలిచేది కాదు. దీన్ని చూడటానికి స్టాటిస్టిక్స్ చదవక్కర్లేదు, ఒక నాణెం చాలు. రెండు లైన్ల మధ్య అసలు తేడా ఏమీ లేదనుకోండి. రెండు గుంపులూ సమానమే కాబట్టి వచ్చే ప్రతి రిప్లైకీ ఇటు పడటానికీ అటు పడటానికీ సమాన అవకాశమే ఉంటుంది. మొత్తం 13 రిప్లైలంటే 13 సార్లు నాణెం ఎగరేసినట్టు. అందులో ఒక వైపు 9 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడటం ఎంత అరుదు? అరుదే కాదు. లెక్కేస్తే 100కి 27 సార్లు అలా జరుగుతుంది. నాలుగింట ఒక వారం, ఏ తేడా లేని రెండు లైన్లు కూడా మనకి ఇలాంటి "విజేత"ను చూపిస్తాయి.

ఆ రోజు నుంచి మా షీట్ పైన ఒక చిన్న నియమం రాసిపెట్టుకున్నాను:

```
తేడా > 2 × √(మొత్తం రిప్లైలు)
```

రెండు గుంపులూ దాదాపు సమానంగా ఉండి, రిప్లైలు పంపినవాటిలో కొద్ది శాతమే అయితే ఈ లెక్క పనికొస్తుంది. 13 రిప్లైల మీద తేడా 7 దాటాలి. మాకు వచ్చింది 5. ఫోన్‌లో వర్గమూలం నొక్కడం తప్ప ఇందులో కష్టం లేదు. ఈ లెక్క వేసుకోకుండా నేను అంతకుముందు ఎన్ని తీర్పులు చెప్పి ఉంటానో తలచుకుంటే ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక్కడ చాలామంది అడిగేది: రిప్లైలు తక్కువగా ఉంటాయి కాబట్టి ఓపెన్ రేట్ చూడొచ్చుగా, ఆ అంకెలు పెద్దవి కదా? పెద్దవే. కానీ అవి కొలిచేది మనిషి చూపును కాదు. మెయిల్‌లో కనిపించని ఒక చిన్న బొమ్మ పెడతారు, ఆ బొమ్మ డౌన్‌లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టు లెక్క. 2021లో ఐఓఎస్ 15తో పాటు యాపిల్ తన మెయిల్ యాప్‌లో మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చాక, అది ఆన్ చేసుకున్నవాళ్లకు మెయిల్ తెరిచినా తెరవకపోయినా ఆ బొమ్మ ముందే డౌన్‌లోడ్ అయిపోతుంది. ఆఫీసుల్లో మెయిల్‌ను జల్లెడపట్టే భద్రతా సాఫ్ట్‌వేర్లు కూడా కొన్ని ఇదే పని చేస్తాయి, లింకులు కూడా అవే నొక్కి చూస్తాయి. ఇటువైపు బొమ్మలు ఆపుకున్న మనిషి మెయిల్ మొత్తం చదివినా లెక్కలోకి రాడు. పైగా "ఒక చిన్న ప్రశ్న" లాంటి లైన్ తెరిపించడానికే పుట్టింది. తెరిచాక మనిషికి మోసపోయిన భావన కలిగితే ఆ అంకె మనకి చెప్పదు. మేం మూడో వారం నుంచి ఓపెన్ ట్రాకింగే ఆపేశాం.

మిగిలిన 800 చిరునామాలతో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి నాలుగు వారాలు, రెండే లైన్లు, మధ్యలో ఏదీ మార్చకూడదు. ఇది నాకు అన్నిటికంటే కష్టమైన షరతు. ప్రతి వారం ఏదో ఒకటి సవరించకపోతే పని చేయనట్టే అనిపిస్తుంది. కానీ వారం వారం లైన్ మారిస్తే ఏ లైన్‌కీ నాలుగైదు రిప్లైలకు మించి పోగుపడవు, ఆరు వారాల తర్వాత కూడా మొదటి వారం తెలివే మిగులుతుంది.

విడగొట్టడం ఈసారి సరిగ్గా చేశాం. షీట్‌లో ఒక కాలమ్‌లో `=RAND()` పెట్టి, వచ్చిన అంకెలను విలువలుగా అతికించి (లేకపోతే ప్రతి క్లిక్‌కీ మారిపోతాయి), ఆ కాలమ్‌ను బట్టి వరుస పెట్టి, సగం సగం. ఒక చిన్న సవరణ ఉంది: విడగొట్టింది మనుషులను కాదు, క్లినిక్‌లను. మొదటి వారం ఒకే క్లినిక్‌లో ఇద్దరికి రెండు వేర్వేరు లైన్లతో మెయిళ్లు వెళ్లాయి. వాళ్లు పక్కపక్కనే కూర్చుంటారట. "మా ఇద్దరిలో ఎవరిని అడుగుతున్నారో ముందు మీరు తేల్చుకోండి" అని జవాబు వచ్చింది. న్యాయమే.

ఇక రిప్లై అంటే ఏమిటో ముందే రాసి పెట్టుకున్నాం. మనిషి రాసి, విషయం మీద ఏదో ఒకటి చెప్పి ఉండాలి. "మాకు అవసరం లేదు" అన్నా లెక్కే. "తీసేయండి" అన్నది వేరే కాలమ్. కాల్‌కి ఒప్పుకోవడం ఇంకో కాలమ్. రేటు లెక్కించేటప్పుడు కింద పెట్టేది పంపినవి కాదు, చేరకుండా బౌన్స్ అయి వెనక్కొచ్చినవి తీసేశాక మిగిలినవి. నాలుగో రోజున అదే థ్రెడ్‌లో అందరికీ ఒకే గుర్తుచేసే మెయిల్. పంపిన రోజు నుంచి 10 రోజుల దాకా వచ్చిన రిప్లైలే లెక్క, ఆ తర్వాత వస్తే సంతోషిస్తాం గానీ షీట్‌లో రాయం.

ఆ 10 రోజుల గడువు ఎందుకో నాలుగో వారం సోమవారం తెలిసింది. ఆ వారం మెయిళ్లు వెళ్లి ఐదు రోజులైంది, రిప్లైలు ఐదే. మూడో వారానివి 11. పడిపోయాం, లైన్ అరిగిపోయింది, స్పామ్‌లో పడుతున్నాం అని ఒకటే టెన్షన్. మా ఆవిడ (లెక్కలావిడ, ఇంట్లో ఆవిడ కాదు) ఒక్క ప్రశ్నతో చల్లార్చారు: "మూడో వారానికి కూడా ఐదో రోజున ఎన్ని ఉన్నాయో చూశారా?" చూస్తే ఆరు. మిగతా ఐదూ గుర్తుచేసే మెయిల్ వెళ్లాక వచ్చినవి. ఇంకా పండని కాయను పండుతో తూచినట్టు, సగం గడిచిన వారాన్ని నిండిన వారంతో పోలుస్తున్నాను. నాలుగో వారం కూడా గడువు ముగిసేసరికి 14కి చేరింది. రిప్లైని అది వచ్చిన వారం కింద కాక, దానికి కారణమైన మెయిల్ పంపిన వారం కింద రాసుకుంటేనే ఈ భ్రమ పోతుంది. చాలా టూళ్ల గ్రాఫులు వచ్చిన తేదీని బట్టే గీస్తాయి. చివరి వారం ఎప్పుడూ కిందికి వంగినట్టే కనిపిస్తుంది.

ఇంతకీ పోటీ పెట్టిన లైన్లు? ఇక్కడ ఒక అంకె నా చేయి కట్టేసింది. రిప్లై రేటు 4 శాతం నుంచి 6కి పెరిగిందని నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో లైన్‌కీ సుమారు 1,850 మంది కావాలి. 4 నుంచి 8కి పెరిగితే పట్టుకోవడానికి సుమారు 550 మంది. మా దగ్గర ఉన్నది 400 చొప్పున. అంటే ఒక మాట అటూ ఇటూ చేయడం, ప్రశ్నార్థకం పెట్టడం, పేరు చేర్చడం లాంటి చిన్న మార్పులను పరీక్షించే స్తోమతే మాకు లేదు. చిన్న లిస్టు ఉన్నవాళ్లు చిన్న తేడాలను వెతకడం గడ్డివాములో సూది వెతకడం కూడా కాదు, సూది ఉందో లేదో తెలియని వాములో వెతకడం. కాబట్టి ఆలోచనలోనే వేరైన రెండు లైన్లు ఎంచుకున్నాం.

ఒకటి సమస్యను నేరుగా పేరుపెట్టి పిలిచేది: "గడువు దాటిన మందులు: మీ దగ్గర లెక్క ఎవరు రాస్తారు?" రెండోది ఏ దాపరికం లేని విన్నపం: "15 నిమిషాల ఫోన్ కాల్ కోసం విన్నపం". లోపలి మెయిల్ రెంటికీ ఒక్కటే, అక్షరం తేడా లేదు. ముందు "Re:" తగిలిస్తే పాత సంభాషణ అనుకుని తెరుస్తారని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం మోసపూరితమైన సబ్జెక్ట్‌ను నిషేధించింది. ఆ చట్టం లేకపోయినా, మాట్లాడమని అడగబోయే మనిషికి మొదటి పలకరింపులోనే అబద్ధం చెప్పి ఏం సాధిస్తాం?

నాలుగు వారాల లెక్క ఇదీ. గడువు మందుల లైన్‌కి వారం వారం 6, 11, 7, 9. విన్నపం లైన్‌కి 5, 3, 7, 2. మొత్తం 33, 17. బౌన్స్‌లు పోగా అందినవి 388, 391. అంటే 8.5 శాతం, 4.3 శాతం.

ఆ వారాలను విడివిడిగా చూడండి. ఒక్క మొదటి వారమే చూసి ఉంటే "తేడా లేదు" అనేవాణ్ని. రెండోది చూసి ఉంటే ఎగిరి గంతేసేవాణ్ని. మూడోది చూసి ఉంటే మళ్లీ నీరుగారిపోయేవాణ్ని. నాలుగింటిలో రెండో వారం, నాలుగో వారం విడిగానే నియమం దాటాయి, మిగతా రెండూ దాటలేదు. మొత్తం కలిపితే 50 రిప్లైలు, దాటాల్సిన గీత 14, వచ్చిన తేడా 16. గీత దాటింది, కాస్తే దాటింది.

మధ్యలో తొంగిచూసి "గీత దాటగానే ఆపేద్దాం" అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. 100కి 5 సార్లు పొరపడే పరీక్షను ఒకే డేటా పెరుగుతుండగా ఐదుసార్లు చూసి, ఎప్పుడు దాటితే అప్పుడు ఆపితే, పొరపడే అవకాశం 100కి సుమారు 14 అవుతుంది. చూడొద్దని కాదు, మేమూ రోజూ చూశాం. ఆపే తేదీ మాత్రం ముందే రాసిపెట్టుకున్నాం.

గీత దాటింది కాబట్టి రిప్లైలు రెట్టింపయ్యాయని నేను చెప్పుకోవచ్చా? అనను. మా లిస్టు పరిమాణానికి గీత దాటాలంటే తేడా పెద్దగా కనపడి తీరాలి. అందువల్ల దాటిన ప్రతి తేడా అసలు కంటే కాస్త ఉబ్బే కనిపిస్తుంది. ఇదే లైన్‌తో ఇంకో 400 మందికి పంపితే 8.5 శాతం రాకపోతే నేను ఆశ్చర్యపోను. 6 వచ్చినా లైన్ చెడిపోయిందనుకోను.

నాకు కావలసింది రిప్లైలు కాదు, ఫోన్ కాల్స్. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం షీట్‌లోని ఆ కాల్స్ కాలమ్. గడువు మందుల లైన్ నుంచి 14 మంది కాల్‌కి ఒప్పుకున్నారు. విన్నపం లైన్ నుంచి 11 మంది. మొత్తం 25, గీత 10, తేడా 3. ఏమీ తేలలేదు.

ఇంకోలా చూడండి. విన్నపం లైన్‌కి రిప్లై ఇచ్చిన 17 మందిలో 11 మంది ఒప్పుకున్నారు. ఫోన్ కాల్ అని ముందే తెలిసి తెరిచినవాళ్లు వాళ్లు. గడువు మందుల లైన్‌కి రిప్లై ఇచ్చిన 33 మందిలో 19 మంది ఒప్పుకోలేదు. ఆ 19 జవాబులూ చదివితే సగానికి పైగా ఒకే మాట: "మా ఫార్మసిస్టు రాస్తారు." అంతే. మేం సబ్జెక్ట్‌లో ఒక ప్రశ్న అడిగాం, వాళ్లు మర్యాదగా దానికి జవాబిచ్చారు. లోపల రెండో పేరాలో ఉన్న కాల్ సంగతి దాకా చాలామంది వెళ్లనే లేదు. సబ్జెక్ట్ ఒక ప్రశ్న వేసి లోపలి మెయిల్ ఇంకోటి అడిగితే, రిప్లై రేటు పెరుగుతుంది, పని జరగదు. రిప్లై రేటు ఒక్కదాన్నే గెలుపు గుర్తుగా పెట్టుకుని ఉంటే ఈ సంగతి మాకు తెలిసేదే కాదు.

"తీసేయండి" కాలమ్ గురించి కూడా ఒక్క మాట. నాలుగు వారాల్లో అటు 4, ఇటు 3. మొదటి రెండు వారాల్లో "ఒక చిన్న ప్రశ్న" అందుకున్న 300 మందిలోనే 7. చిన్న అంకెలే, వాటి మీద పెద్ద తీర్పులు చెప్పను. కానీ మర్యాదగా తీసేయమన్న ప్రతి మనిషి వెనకా మాట్లాడకుండా స్పామ్ బటన్ నొక్కినవాళ్లు ఉండొచ్చు. 2024 నుంచి రోజుకు 5,000కి పైగా మెయిళ్లు పంపేవాళ్లు స్పామ్ ఫిర్యాదులను 0.3 శాతం లోపు ఉంచుకోవాలని జీమెయిల్ నియమం పెట్టింది. మాది అంత పెద్ద సంఖ్య కాదు. కానీ 200 మెయిళ్లలో ఒక్కరు నొక్కితేనే 0.5 శాతం. ఇది జరిగితే దెబ్బ రెండు లైన్లకూ ఒకేసారి పడుతుంది, ఎందుకంటే చెడిపోయేది పంపేవాళ్ల పేరు. రెండు లైన్ల రిప్లైలూ కలిసి పడిపోయిన వారం ఏదైనా వస్తే సబ్జెక్ట్ జోలికి వెళ్లకుండా ముందు మెయిళ్లు ఇన్‌బాక్స్‌కి చేరుతున్నాయో లేదో చూడాలని మేం అనుకున్నాం.

ఇప్పుడు కొత్తగా 600 చిరునామాల లిస్టు తయారైంది. సబ్జెక్ట్ లైన్ ఈసారి అందరికీ ఒకటే, గడువు మందులదే. మారుతున్నది లోపలి మొదటి వాక్యం. సగం మందికి పాత మెయిల్. మిగతా సగానికి "ఈ లెక్క రాసేవాళ్లతో 15 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడాలని రాస్తున్నాను" అని ముందే. లెక్కించేది కాల్స్ మాత్రమే, ఆపేది ఐదో వారం చివర. 300 చొప్పున అంటే కాల్స్ అటూ ఇటూ కలిపి పాతికకు మించవని లెక్కలావిడ అంచనా. అంటే తేడా 10 దాటకపోతే ఈసారి కూడా "తెలియదు" అనే రాయాలి. షీట్‌లో ఆ గడి ఆవిడ ముందే పెట్టేశారు.